అప్‌డేట్: శ్రీశైలం రోడ్డు, మన్ననూరు గేటు టైమింగ్

నేను అడిగింది: "హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం వెళ్తున్నాం. మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారట. ఎన్నింటికి బయల్దేరాలి?"

వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ఎల్బీనగర్ నుంచి కల్వకుర్తి, డిండి మీదుగా గేటుకు దాదాపు మూడు గంటలు పట్టింది. గేటు తెరవకముందే చేరుకున్నాం కానీ, దానివల్ల పెద్దగా లాభం లేదండీ. అప్పటికే బస్సులు, కార్లు బారులు తీరి ఉన్నాయి. తెరవగానే అన్నీ ఒకేసారి కదిలాయి. మలుపుల్లో ఓవర్‌టేక్ చేసే వీలుండదు, ముందు బస్సు ఎంత స్పీడుతో వెళ్తే మనమూ అంతే. మళ్లీ వెళ్తే ఆరున్నరకు చేరేలా చూసుకుంటాను. అప్పటికి క్యూ కరిగిపోతుంది.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణంలోనే. అటువైపు నుంచి వచ్చేటప్పుడు అడవి గేటు దోమలపెంటలో. శ్రీశైలం నుంచి డ్యామ్ దాకా ఘాట్ దిగి, మళ్లీ పైకెక్కి అక్కడికి చేరడానికే గంట పట్టొచ్చు. దర్శనం ఎప్పుడవుతుందో మన చేతుల్లో ఉండదు. అందుకే "ఏడు దాటితే రాత్రి ఇక్కడే" అని ముందే అనుకున్నాం. క్యూలో నిలబడి గడియారం చూసుకునే బాధ తప్పింది. చివరికి ఆరింటికే బయటపడ్డాం.

వటవర్లపల్లి దాటాక చీకట్లో దుప్పులు రోడ్డు దాటుతూ కనిపించాయి. ఒకటి దాటితే ఆగండి, వెనకే ఇంకోటి వస్తుంది.