ఇద్దరం కలిసి లా ఫర్మ్ పెడుతున్నాం: బోర్డు మీద మా ఇంటిపేర్లా, వేరే పేరా?

ఎల్బీనగర్_అడ్వకేట్
నేనూ, లా కాలేజీలో నా క్లాస్‌మేటూ తొమ్మిదేళ్లు వేర్వేరు సీనియర్ల దగ్గర పనిచేసి, ఇప్పుడు సొంతంగా ఆఫీసు తెరుస్తున్నాం. ఎక్కువగా భూమి తగాదాలు, చెక్ బౌన్స్ కేసులు. పార్ట్‌నర్‌షిప్ డీడ్ డ్రాఫ్టు అయిపోయింది, ఫర్మ్ పేరు రాయాల్సిన చోట మాత్రం ఇంకా చుక్కలే ఉన్నాయి. ఇంటిపేర్లు మార్చి రాస్తున్నాను: తనది ముక్కామల, నాది పోలవరపు. అతను "ముక్కామల అండ్ పోలవరపు" అనే పెట్టాలంటాడు. నాకేమో ఎవరి పేరూ కాని పేరు బాగుంటుందనిపిస్తోంది. పైగా పెళ్లయ్యాక ఆధార్‌లో నా ఇంటిపేరు మారింది, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరే ఉంది. ఇలా పెట్టినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

మిర్చియార్డ్_గుంటూరు
నేను లాయర్ని కాదు, లాయర్లకు ఫీజు కట్టేవాణ్ని. మా వకీలు గారి ఆఫీసు పేరు ఇప్పటికీ నాకు తెలీదు. ఫోన్‌లో "లాయర్ గారు పొలం" అని సేవ్ చేసుకున్నా. ఆయన్ని అందరూ సొంత పేరుతోనే పిలుస్తారు, ఇంటిపేరు అడిగితే పక్కన టీ కొట్టువాడు కూడా చెప్పలేడు. మరి ఆ ఇంటిపేరు బోర్డు మీదుంటే మాలాంటి వాళ్లకి దారి ఎలా తెలుస్తుందండీ?

విజయవాడ_జూనియర్
మేడమ్, న్యూట్రల్ పేరు పెట్టకూడదు. బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, అది అడ్వర్టైజ్‌మెంట్ కిందికి వస్తుంది. లాయర్ తన పేరు మీదే ప్రాక్టీస్ చేయాలి.

పాత_బార్_మెంబర్
చివరి మాట కొంతవరకు నిజం, మొదటిది కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ రూల్ మనం కేసుల కోసం ప్రచారం చేసుకోవద్దంటుంది, బోర్డు కూడా మరీ పెద్దది ఉండొద్దంటుంది. గతంలో జడ్జిగానో అడ్వకేట్ జనరల్‌గానో చేశామని దాని మీద రాసుకోకూడదు. అంతేగానీ ఇంటిపేరే పెట్టమని ఎక్కడా లేదు. ట్రైలీగల్ అన్న పేరులో ఎవరి ఇంటిపేరుంది? ఏజెడ్‌బీలో ఉన్నవి ముగ్గురి సొంత పేర్ల మొదటి అక్షరాలు. "విన్ లీగల్", "గ్యారంటీ లా" లాంటివి పెడితే మాత్రం ఇబ్బందే, గెలిపిస్తామని మాటిచ్చినట్టు ఉంటుంది. పార్ట్‌నర్‌షిప్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం రాయల్, ఇంపీరియల్ లాంటి మాటలూ, ప్రభుత్వ అండ ఉందనిపించే మాటలూ ప్రభుత్వ అనుమతి లేకుండా పేరులో ఉండకూడదు.

ఇక కోర్టులో ఫర్మ్ పేరుకి పెద్దగా పని లేదు. వకాలత్ మీద ఉండేది మీ సొంత పేర్లూ, ఎన్‌రోల్‌మెంట్ నంబర్లూనే. ఫర్మ్ పేరు కనిపించేది లెటర్‌హెడ్, బిల్లు, బ్యాంకు ఖాతా మీద. కాబట్టి క్లయింటు చెక్కు ఎవరి పేరున రాస్తాడో ఆలోచించి పేరు పెట్టండి.

న్యూజెర్సీ_నుంచి
ఆధార్‌లో మారితే గెజిట్ పబ్లికేషన్ చేయించాలి కదా? మా చెల్లి పాస్‌పోర్ట్‌కి అలాగే చేసింది, రెండు నెలలు పట్టింది. ఎవరైనా ఏజెంటు తెలిస్తే చెప్పండి.

ఎల్బీనగర్_అడ్వకేట్
అన్నయ్యా, నా పేరు మార్చుకోవడం కాదు, ఫర్మ్ పేరు గురించి అడుగుతున్నా 🙂

రెండో_అంతస్తు
నా కథ చెప్తాను. మేమూ ఇద్దరమే, రెండు ఇంటిపేర్లతో పెట్టాం. ఎవరిది ముందుండాలన్న దగ్గరే మొదటి గొడవ. ఇంగ్లీష్ అక్షరమాల ప్రకారం అనుకుని తేల్చుకున్నాం. ఆరేళ్లకు అతను ఒక కంపెనీలో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. జీతం ఉద్యోగంలో చేరితే ప్రాక్టీస్ చేయకూడదు కాబట్టి బోర్డు మీద నుంచి తన పేరు తీయమన్నాడు, న్యాయమే. పెయింటర్ వచ్చి ఆ సగం మీద తెల్లరంగు వేశాడు. ఎండకి ఆ రంగు పలచబడి కింద పాత పేరు మళ్లీ కనిపించేది. మెట్లెక్కి వచ్చిన ప్రతి క్లయింటూ "ఆ సార్ పోయారా?" అని అడిగేవాళ్లు. ఒకాయనైతే దండ ఎక్కడ వేశారని చూశాడు.

అసలు నొప్పి బోర్డు కాదు, డీడ్. పేరు ఎవరిదో అందులో ఒక్క లైనూ రాసుకోలేదు.

పాత_బార్_మెంబర్
మీరు అసలు చోటికి వచ్చారు. ముగ్గురు పార్ట్‌నర్లుంటే ఒకరు తప్పుకున్నా ఫర్మ్ కొనసాగేలా రాసుకోవచ్చు. ఇద్దరే ఉన్నచోట ఒకరు వెళ్తే ఫర్మే ఉండదు, ఎందుకంటే ఒక్కడితో పార్ట్‌నర్‌షిప్ అవదు. ఫర్మ్ పాన్‌తో తీసిన ఖాతాని మిగిలినవారు అలాగే వాడుకోవడం కుదరదు, సొంత పాన్‌తో కొత్తది తీసుకోవాలి. అప్పుడు ఆ పేరు ఎవరు వాడాలి? డీడ్‌లో వేరే మాట లేకపోతే, లెక్కలు తేలేదాకా ఫర్మ్ పేరుతో అదే వ్యాపారం చేయకుండా ఒకరినొకరు కోర్టు ద్వారా ఆపుకోవచ్చు, 53వ సెక్షన్.

2015లో అమర్‌చంద్ మంగళ్‌దాస్ రెండుగా చీలింది. అన్నదమ్ములిద్దరూ పాత పేరు వదల్లేదు, దాని ముందు ఒకరు సిరిల్ అని, ఒకరు శార్దూల్ అని చేర్చుకున్నారు. అంత పేరున్న ఇంట్లో కాబట్టి నడిచింది. మన ముక్కామల, పోలవరపు అలా చీలితే క్లయింటుకి రెండు బోర్డులు చూసి తల తిరుగుతుంది.

విజయవాడ_జూనియర్
సరే సార్, ఒప్పుకుంటా. కానీ రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేస్తే ఆ పేరు ఇంకెవరూ వాడలేరు కదా?

పాత_బార్_మెంబర్
అదీ కాదు. రిజిస్ట్రేషన్ వల్ల లాభం బాకీల కోసం ఫర్మ్ దావా వేయగలగడం. పేరు మీద హక్కు కావాలంటే అది ట్రేడ్‌మార్క్ సంగతి, లీగల్ సర్వీసులు 45వ క్లాసు. అక్కడ కూడా తన ఇంటిపేరుని నిజాయితీగా వాడుకునే ఇంకో లాయర్ని ఆపడం కష్టం, 35వ సెక్షన్ అతనికి అండ. కల్పించిన పేరైతే కాపాడుకోవడం తేలిక. "లెక్స్" అని మొదలయ్యే పేర్లు మాత్రం ఊరికి పది ఉన్నాయి, అవి వద్దు.

కాకినాడ_సుబ్బులు
మావారు కూడా లాయరే, అందుకే రాస్తున్నా. ఇంటిపేరు బోర్డు మీద పెడితే మన ఊళ్లలో ముందు కులం లెక్కేస్తారు, ఆ తర్వాతే లాయర్ ఎలాంటివాడో చూస్తారు. కొందరికి అది లాభమే, అబద్ధమెందుకు. మావారికి రెండు రకాలుగానూ అయింది.

ఇంకొకటి, ఫోన్‌లో ఈమెయిల్ చెప్పేటప్పుడు పోలవరపులో "వి"యా, "డబ్ల్యూ"యా అని ప్రతిసారీ చెప్పుకోవాలి.

రెండో_అంతస్తు
ఆ "వి" గొడవ నిజం. మాకు వచ్చిన రిప్లై నోటీసొకటి ఇంకెవరి మెయిల్‌కో వెళ్లి వారం తర్వాత దొరికింది.

అయినా ఇంటిపేర్లకు ఒక్క లాభం ఉంది. బ్యాంకుల ప్యానెల్‌కి అప్లై చేసినప్పుడు ఎవరి పూచీ మీద నడుస్తోందో మేనేజర్లకు వెంటనే అర్థమయ్యేది. పేరు మార్చాక మళ్లీ మొదటినుంచీ పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. న్యూట్రల్ పేరు పెట్టినా లెటర్‌హెడ్‌లో కింద ఇద్దరి పేర్లూ, ఎన్‌రోల్‌మెంట్ నంబర్లూ వేయించండి.

మిర్చియార్డ్_గుంటూరు
ఇద్దరి సొంత పేర్లతో పెడితే? మేము పిలిచేది అదే కదా.

ఎల్బీనగర్_అడ్వకేట్
సొంత పేర్ల సంగతి మాకు తట్టనే లేదు, నా ఇంటిపేరు గొడవ కూడా అక్కడితో పోతుంది. రాత్రి తనకి ఈ చర్చంతా చూపించాను. "వెళ్లిపోయేవారి పేరు మూడు నెలల్లో బోర్డు, లెటర్‌హెడ్, మెయిల్ నుంచి తీయాలి, మిగిలినవారు కొత్త పేరుతో నడపాలి" అన్న క్లాజుకి వెంటనే ఒప్పుకున్నాడు. పేరు దగ్గర మాత్రం ఇంకా కదల్లేదు. వాళ్ల నాన్నగారు బోర్డు మీద ముక్కామల అని చూడాలనుకుంటున్నారట. దానికి ఏ సెక్షన్ చెప్పను?