అప్‌డేట్: పీఎంపీ ఫార్ములాలు ఒక్క పేజీలోకి వచ్చేశాయి

అప్పుడు నేనడిగింది: "ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ పరీక్ష పీఎంపీలో వచ్చే లెక్కల ఫార్ములాలు ఒక్క పేజీలో ఎలా సర్దాలి, రోజూ ఏం ప్రాక్టీస్ చేయాలి?"

సర్దేశానండి. ప్రతి ఫార్ములా పక్కన ప్రశ్నలో దానికి గుర్తుగా వచ్చే మాట కూడా రాశా, ఖర్చు తేడా CV, షెడ్యూల్ తేడా SV రెండూ అయిన పని విలువ EV తోనే మొదలవుతాయి కాబట్టి వాటికి ఒక్క లైను చాలింది, అసలు తిరకాసంతా ప్రాజెక్ట్ పూర్తయ్యేసరికి అయ్యే ఖర్చు అంచనా EAC దగ్గరే.

మొత్తం బడ్జెట్ BAC 10 లక్షలు, EV 4, ఇప్పటిదాకా అయిన ఖర్చు AC 5 అనుకోండి, ఖర్చు సామర్థ్య సూచీ CPI = EV/AC = 0.8. ఖర్చు ఇకముందూ ఇలాగే ఉంటుందంటే EAC = BAC/CPI, అంటే 12.5 లక్షలు. అదే ఆ అదనపు ఖర్చు ఒక్కసారిదే, మిగతా పని ప్లాన్ ప్రకారమే అంటే AC + (BAC − EV), 11 లక్షలే. అంకెలు అవే, ఒక్క వాక్యం మారితే లక్షన్నర తేడా!

అందుకే రోజూ పొద్దున షీట్ చూడకుండా తెల్లకాగితం మీద మొత్తం రాసి, ఆ తర్వాత అంకెలు ముట్టుకోకుండా ఆ వాక్యం ఒక్కటే మార్చి మార్చి చేస్తున్నా.