ఎరుపు పెంచితే వెనక నీళ్లు ఊదాగా మారుతున్నాయి, ఏం చేయాలి?

అండమాన్‌లో హేవ్‌లాక్ దగ్గర సుమారు 15 మీటర్ల లోతులో, ఫ్లాష్ లేకుండా తీసిన రా ఫోటో ఇది. ఆ లోతులో ఎరుపు దాదాపు మిగలదు కదా, హిస్టోగ్రామ్‌లో ఆ ఛానల్ అంతా ఎడమ అంచుకే అతుక్కుపోయింది. వైట్ బ్యాలెన్స్ స్లైడర్‌తో లాగితే నాయిస్ తప్ప ఏమీ రాలేదు. అందుకని ఆకుపచ్చ నుంచి కొంత ఎరుపుకి అరువిచ్చాను (విలువలు 0 నుంచి 1):

```python
r2 = r + a*(g.mean() - r.mean())*(1 - r)*g
```

`a = 1` పెట్టి, తర్వాత గ్రే వరల్డ్ బ్యాలెన్స్ చేస్తే దగ్గరి పగడాలు చక్కగా వచ్చాయి. చిక్కల్లా వెనక నీళ్లతోనే. అక్కడ `g` ఎక్కువ, `r` దాదాపు సున్నా, కాబట్టి అవసరం లేనిచోటే ఎరుపు బాగా చేరి ఊదా రంగు వస్తోంది. పైగా అక్కడ కనిపించే పొగమంచు నీటి కణాల మీద చెదిరి వచ్చిన వెలుతురు. అది దూరంతో పెరుగుతుంది, కాబట్టి ఫోటో మొత్తానికి ఒకే కాంట్రాస్ట్ పెంచినా లాభం లేదు.

దూరం అంచనాకి `max(g,b) - r` వాడి చూశాను. దగ్గరగా ఉన్న నీలం చేపని కూడా దూరపు నీళ్లే అనుకుంటోంది! ఉన్నది ఒక్క ఫోటోనే, వేరే కోణంలో తీసినవి లేవు. మాస్క్ చేత్తో గీయకుండా దూరాన్ని ఇంతకంటే నమ్మకంగా పట్టే మార్గం ఉందా? చెదిరిన వెలుతురుని ఎరుపు సరిచేయకముందే తీసేయాలా, తర్వాతా?