‘వీలైతే పంపవచ్చేమో చూడగలరు’: ఇందులో మర్యాద ఎంత, అయోమయం ఎంత?

సుధ: తోటి ఉద్యోగికి పంపాల్సిన సందేశం ఇది: ‘బహుశా వీలైతే రేపటికల్లా లెక్కల పట్టిక కాస్త పంపవచ్చేమో చూడగలరు.’ గద్దించినట్టు ఉండకూడదు, పట్టిక మాత్రం రేపు చేతికి రావాలి. ఇందులో ఏవి తీసేయాలి?

అచ్చుతప్పు: ముందు ‘గలరు’ తీసేయండి. ‘ఈత కొట్టగలరు’ అన్నట్టు అది చేతనవడాన్ని చెప్పే మాట. ‘పంపండి’ అంటే చాలు, ‘అండి’లోనే మర్యాద ఉంది.

పాత కలం: ‘అండి’ సంగతి నిజమే. ‘గలరు’ మాత్రం తప్పు కాదండీ. ‘గమనించగలరు’, ‘సహకరించగలరు’ అంటూ నోటీసుల్లో అది అభ్యర్థనగా ఎప్పుడో స్థిరపడింది. ‘మా సిబ్బంది శుక్రవారం వచ్చి సరిచేయగలరు’ లాంటి చోటే దానితో చిక్కు. అది హామీయా, వాళ్లకు పని వచ్చని చెప్పడమా? హామీ అయితే ‘సరిచేస్తారు’ అనేయాలి.

సుధ గారి వాక్యంలో అసలు లోపం చివరి క్రియ. తెలుగులో వాక్యం బరువంతా అక్కడే పడుతుంది. ఇక్కడ అది ‘చూడగలరు’. అంటే మీరు అడిగింది చూడమని, పంపమని కాదు. ‘చూశానండీ, కుదరలేదు’ అని ఆయన రేపు రాత్రి జవాబిస్తే తప్పు పట్టడానికి లేదు.

మిగతావి చూడండి. ‘బహుశా’ ఊహకు వాడతాం, మీరు ఊహించడం లేదు, అడుగుతున్నారు. ‘వీలైతే’ పని మానుకోవడానికి దారి ఇస్తుంది. ‘పంపవచ్చు’ అంటే మీరే అనుమతి ఇచ్చినట్టు, దానికి ‘ఏమో’ తగిలిస్తే ఆ అనుమతి మీదా అనుమానమే. ‘కాస్త’ వల్ల నష్టం లేదు, ఉంచుకున్నా సరే. ‘రేపటికల్లా’ అంటే పొద్దున్నకా, రాత్రికా?

మెత్తదనం అడిగే క్రియ దగ్గర ఒక్కచోట ఉంటే చాలు. గడువుకూ వస్తువుకూ దాన్ని అంటించకండి.

సుధ: అయితే ఇలా: ‘రేపు సాయంత్రం 4 గంటలలోపు లెక్కల పట్టిక కాస్త పంపగలరా? 5 గంటలకు నివేదికలో చేర్చాలి. ఆలోపు కుదరదనుకుంటే మధ్యాహ్నం 12లోపు ఒక మాట చెప్పండి.’

పాత కలం: చాలా నయం. మీరు ‘వీలైతే’తో చెప్పాలనుకున్నది మూడో వాక్యంలోకి వచ్చింది, దానికీ ఒక గడువుంది. ఇక ‘చేర్చాలి’ దగ్గర ఆగండి. ఎవరు చేర్చాలి? ‘పంపుతాను, పంపుతారు’ అన్నప్పుడు ఎవరన్నది క్రియే చెబుతుంది. ‘ఆలి’, ‘వచ్చు’, ‘కూడదు’ చేరితే నేనైనా, మీరైనా, వాళ్లైనా రూపం ఒకటే. కర్తను వదిలేయడం మనకు అలవాటు కాబట్టి, పట్టికను నివేదికలో చేర్చే పని కూడా తనదేనని ఆయన అనుకునే వీలుంది. ‘నేను చేర్చాలి’ అని రాయండి.

గోడగడియారం: మా పై అధికారి ఏది అడిగినా ‘చూద్దాం’ అంటారు. అది కాదనడమేనా? సెలవు అడిగి వారమైంది.

అచ్చుతప్పు: కాదనడమే.

పాత కలం: అంత తేల్చలేం. ఇక్కడి ప్రశ్న రాసేవారి గురించి, మీది అందుకునేవారి గురించి. ‘ఎప్పటికి చెప్పగలరు?’ అని తేదీ అడగండి. తేదీ వస్తే అది వాయిదా.

నీలిసిరా: ‘వచ్చు’తో ఇంకో తిరకాసు. ‘ఆయన సోమవారం రావచ్చు’ అంటే అనుమతా, అంచనాయా? నోటితో చెబితే సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, రాతలో తెలియదు. అంచనా అయితే ‘వచ్చే అవకాశం ఉంది’, అనుమతి అయితే ‘రావడానికి అభ్యంతరం లేదు’ అని విడదీసి రాస్తే గొడవ ఉండదు.

అచ్చుతప్పు: మరి ‘పంపాలి’ కన్నా ‘పంపాల్సి ఉంటుంది’ మర్యాదే కదా?

నీలిసిరా: నియమం చెప్పేటప్పుడు మర్యాదే, ఒత్తిడి మీ నుంచి నియమం మీదికి పోతుంది. ‘దరఖాస్తుతో పాటు ఫోటో పంపాల్సి ఉంటుంది’ బాగుంది. సొంత అవసరానికి వాడితే లేని నియమాన్ని చూపించి బెదిరించినట్టుంటుంది. పైగా ‘ఉంటుంది’ అంటే ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది. పని ఇప్పుడే మిగిలి ఉంటే ‘పంపాల్సి ఉంది’.

సుధ: ఇదే సందేశం వయసులో పెద్దవారికైతే? ‘పంపగలరా’ అంటే ‘మీకు చేతనవుతుందా’ అన్నట్టు వినిపించదా?

పాత కలం: నాకలా వినిపించదు.

నీలిసిరా: నాకు వినిపిస్తుంది. పెద్దలకు నేనైతే ‘4 గంటలలోపు మీరు పంపితే 5 గంటలకు నేను చేర్చేస్తాను’ అని రాస్తాను. గడువూ ఉంది, ఎవరి పని ఎవరిదో కూడా తెలుస్తోంది.

పాత కలం: అందులో అడగడం ఎక్కడుందండీ? పంపకపోతే చేర్చరు, అంతే అనుకుంటారు.