ఆదివారం వండిన పప్పు బుధవారానికే పాడైంది, ఎలా నిల్వ చేయాలి?

నమస్కారమండీ. మేమిద్దరం ఉద్యోగులమే, హైదరాబాద్‌లో ఉంటాం. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది కాబట్టి ఆదివారమే వారానికి సరిపడా వండేస్తున్నాం.

పోయిన వారం పెద్ద గిన్నెడు టమాటా పప్పు చల్లారాక పెడదామని పొయ్యి మీదే వదిలేశాం. ఫ్రిజ్‌లో పెట్టేసరికి ఐదు గంటలు గడిచాయి. బుధవారం మూత తీస్తే అంచున సన్నటి నురగ, పుల్లటి వాసన. అంతా పారబోశాం, ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు వెడల్పాటి డబ్బాల్లో రెండంగుళాల లోతుకు మించకుండా పోసి, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెడుతున్నాం. బుధవారం వరకు తినేవి ఫ్రిజ్‌లో, గురు, శుక్రవారాలవి ఫ్రీజర్‌లో. రుచి మారడానికి కందిపప్పు ఉత్తగా ఉడికించి ఉంచుకుని, ఒకరోజు పాలకూర, ఇంకోరోజు దోసకాయ కలిపి, తాలింపు ఏ రోజుకారోజు వేస్తున్నాం. ఇది బాగా కుదిరింది.

చిక్కల్లా కూరలతోనే. ఫ్రీజర్‌లో పెట్టిన ఆలూ కూర కరిగాక నీళ్లు వదిలి పిండిపిండిగా అయిపోతోంది. రోజూ పప్పే తినలేం కదా. ఫ్రీజర్‌లో పెట్టినా మెత్తబడని కూరలు ఏవి? బెండకాయ, దొండకాయ సగం వేయించి పెడితే ఆగుతాయా? మీ ఇంట్లో చేసి చూసినవి చెప్పండి, ప్లీజ్.