గ్రూపులో బ్యాంకు పాస్‌వర్డ్ పడింది, కంగారులో Delete for me నొక్కాను

తెల్లకాగితం: నలభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో నెట్ బ్యాంకింగ్ ఐడీ, పాస్‌వర్డ్ పడ్డాయి. ఇప్పుడు నా ఫోన్‌లో ఆ మెసేజ్ లేదు, మిగతావాళ్లకు ఉంది. పది నిమిషాలైంది. ఏం చేయాలి?

తాళంచెవి: ముందు పాస్‌వర్డ్ మార్చండి, మిగతాది తర్వాత. Delete for me నొక్కాక Undo కొన్ని సెకన్లే కనిపిస్తుంది. అది దాటితే అందరికీ తీసేసే వీలు మీకు లేదు, కానీ గ్రూపు అడ్మిన్‌కు ఉంది. ఆయనకు ఫోన్ చేయండి. గ్రూపులో మాత్రం “పై మెసేజ్ చూడకండి” అని రాయకండి, చూడనివాళ్లు కూడా వెతుక్కుని చూస్తారు.

చెరువుగట్టు: పావుగంటలోపు ఎడిట్ చేస్తే సరిపోతుందిగా? డిలీట్ చేసిన గుర్తు కూడా ఉండదు.

తాళంచెవి: 15 నిమిషాల గడువు నిజమే. కానీ తెల్లకాగితం గారి ఫోన్‌లో మెసేజే లేనప్పుడు ఎడిట్ చేసేది దేన్ని? మెసేజ్ ఉన్నా Edited అని పడుతుంది. నోటిఫికేషన్‌లో పాత మాట అప్పటికే చదివేసి ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ఆన్‌లో ఉంటే, మెసేజ్ తీసేసినా గత 24 గంటలవి అక్కడ దొరుకుతాయి. అందుకే తుడవడాన్ని నమ్ముకోవద్దంటాను.

రాత్రిబండి: నాది కార్డు ఫొటో, రెండు వైపులా తీసింది. వేరే నంబరుకు వెళ్లింది. డిలీట్ చేసి పిన్ మార్చేశాను, చాలా?

తాళంచెవి: చాలదు. ఆన్‌లైన్‌లో కొనేచోట చాలాసార్లు పిన్ అడగరు. కొన్ని విదేశీ సైట్లలో OTP కూడా లేకుండా కార్డు నంబరు, గడువు తేదీ, వెనకాల ఉన్న మూడంకెలు ఉంటే చాలు. ఆ మూడూ మీ ఫొటోలో ఉన్నాయి. బ్యాంకు యాప్‌లో కార్డును ఇప్పుడే లాక్ చేసి, కొత్త నంబరుతో వేరే కార్డు అడగండి. ఫొటో అవతలివాళ్ల గ్యాలరీలో సేవ్ అయితే మీరు డిలీట్ చేసినా అక్కడ మిగలొచ్చు.

తెల్లకాగితం: పాస్‌వర్డ్ మార్చాను, అడ్మిన్ తీసేశారు. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కు కూడా ఉంది.

తాళంచెవి: అయితే మెయిల్‌దీ మార్చండి, అసలు ప్రమాదం అక్కడే. బ్యాంకు పాస్‌వర్డ్ రీసెట్ లింకు ఆ మెయిల్‌కే వస్తుంటే, మీరు చేసిన మార్పంతా వృథా. పాతదాని చివర 1 చేర్చి సరిపెట్టకండి, మొదట ఊహించేది అదే. తర్వాత రెండుచోట్లా మిగతా డివైజుల నుంచి లాగౌట్ చేయండి. పాస్‌వర్డ్ మారినా, అప్పటికే తెరిచి ఉన్న లాగిన్ అన్నిచోట్లా దానంతటదే మూసుకోదు.

కొండదారి: డిలీట్ చేసేముందు మెసేజ్ Info చూడటం మంచిది. గ్రూపులో ఎవరు చదివారో తెలుస్తుంది, తీసేశాక ఆ జాబితా ఉండదు.

చెరువుగట్టు: జాబితా చూసేలోపు ఇంకో ఇద్దరు చదువుతారు. నేనైతే ముందు తీసేస్తాను.

కొండదారి: నోటిఫికేషన్‌లో చదివినవాళ్లు ఆ జాబితాకు ఎలాగూ రారు, అది ఒప్పుకుంటాను. అయినా ఎవరైనా ఫార్వర్డ్ చేశారా అని అడగాలంటే పేర్లు కావాలి కదా.