లేజెన్‌కీ లేజుంగ్‌కీ తేడా ఏంటి? జర్మన్‌లో క్రియని నామవాచకం చేసేటప్పుడు ఉంగ్ ఎప్పుడు పెట్టాలి?

లావణ్య: నాకు చదవడం ఇష్టం అని రాయాలి, లేజెన్ అంటే చదువు కదా, దాని చివర ఎన్ తీసేసి ఉంగ్ తగిలించి మైనె లేజుంగ్ అని రాశా, టీచర్ ఎర్ర గీత కొట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. వోనెన్ నుంచి వోనుంగ్ వచ్చినప్పుడు ఇది ఎందుకు రాదు?

కళ్యాణ్: సింపుల్. మన "అడం" ఎలాగో వాళ్ళకి ఉంగ్ అలాగ. చదవడం, ఉండడం, లెక్కపెట్టడం. ఉంగ్ ఉంటే ముందు ఎప్పుడూ స్త్రీలింగానికి వాడే డీ పెట్టేయ్, అయిపోయింది.

శ్రీనివాసరావు: డీ అన్న మాట చాలావరకు నిజమే, మిగతాది ఒప్పుకోనండి. మన అడంకి అసలైన జోడీ నపుంసకలింగానికి వాడే దాస్. క్రియని ఉన్నదున్నట్టు పెద్దక్షరంతో మొదలెట్టి ముందు దాస్ పెడితే దాస్ లేజెన్, చదవడం. దాదాపు ఏ క్రియకైనా నడుస్తుంది. ఉంగ్ అలా కాదు, చాలాసార్లు పని జరిగాక చేతికొచ్చేదాన్ని చెప్తుంది. వోనెన్ అంటే నివసించడం, వోనుంగ్ అంటే నువ్వుండే ఫ్లాట్. రెష్నెన్ లెక్కపెట్టడం, రెష్నుంగ్ హోటల్‌లో చివర్న ఇచ్చే బిల్లు. లేజుంగ్ అనే మాట ఉంది లావణ్యా, కాకపోతే రచయిత జనం ముందు కూర్చుని తన పుస్తకం చదివి వినిపించే సభ అది. మీ టీచర్‌కి "నా సభ నాకిష్టం" అన్నట్టు వినపడి ఉంటుంది 😄

మనకీ ఉంది కదా ఈ తేడా, నడవడం వేరు నడక వేరు, రాయడం వేరు రాత వేరు. నీ రాత బాలేదు అంటే ఎన్ని అర్థాలో చూడండి.

కళ్యాణ్: సరే, అయినా ఉంగ్ అంటే డీ అన్నది మాత్రం కరెక్టే.

శ్రీనివాసరావు: ష్ప్రుంగ్ చూడండి, దూకు అనే అర్థం. అది పుంలింగం, డేర్. అందులో ఉంగ్ తగిలించింది కాదు, మాట లోపలిదే. తీసేస్తే ష్ప్ర్ మిగులుతుంది, అది క్రియ కాదుగా. అదే గుర్తు.

మహేష్: అన్నా ఉంగ్‌లో చివర గ్ పలకాలా వద్దా? మా క్లాసులో అందరూ గట్టిగా "గ్" అంటున్నారు.

శ్రీనివాసరావు: ప్రశ్న అది కాదు గానీ, పలకరు. వాఙ్మయంలో ఙ దగ్గర ఆగిపోండి.

సునీత: నేను ఇక్కడ జర్మనీలో నర్స్‌గా చేస్తున్నా, నా గోల వినండి. క్రాంక్ అంటే జబ్బుగా ఉండడం కదా, పేషెంట్ రిపోర్ట్‌లో జబ్బుకి క్రెంకుంగ్ అని రాసేశా. సీనియర్ నవ్వి, పేషెంట్‌ని ఎవరైనా అవమానించారా అంది. క్రెంకుంగ్ అంటే మనసు నొప్పించడమంట! విశేషణం నుంచి అయితే క్రాంక్‌హైట్, జబ్బుపడ్డం అనే క్రియ ఎయర్‌క్రాంకెన్ నుంచి అయితే ఎయర్‌క్రాంకుంగ్. మూడూ చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అప్పట్నుంచి హైట్ అంటే ఎక్కువగా విశేషణానికి అని గుర్తుపెట్టుకున్నా.

లావణ్య: మరి కైట్ ఎందుకు అక్కా, హైట్ ఒకటి చాలదా?

సునీత: మాకు చెప్పింది, విశేషణం చివర ఇగ్, లిష్, బార్, జామ్ ఉంటే కైట్, మిగతావాటికి హైట్ అని. ఫ్రోయింట్‌లిష్ నుంచి ఫ్రోయింట్‌లిష్‌కైట్, స్నేహంగా ఉండే గుణం. ఫ్రోయింట్‌షాఫ్ట్ అయితే స్నేహమే.

శ్రీనివాసరావు: కైట్ కూడా పుట్టుకలో హైటే. పాత జర్మన్‌లో ఇగ్ లాంటి చివరకి హైట్ తగిలి, ఆ రెండూ అతుక్కుపోయి కైట్ అయింది. లోస్ చివర ఉంటే ఇప్పటికీ ఇగ్‌కైట్ అని మొత్తం పెడతారు, ఆర్బైట్స్‌లోస్ నుంచి ఆర్బైట్స్‌లోజిగ్‌కైట్, నిరుద్యోగం. నోయ్ అంటే కొత్త, దానికి నోయ్‌హైట్ ఉంది, కొత్త సరుకు, నోయిగ్‌కైట్ కూడా ఉంది, కొత్త కబురు. రెండూ బతికాయి, పనులు పంచుకున్నాయి.

లావణ్య: జిషర్‌కి హైట్, జావ్‌బర్‌కి కైట్ అని పుస్తకంలో ఉంది. రెండింటికీ చివర అర్ వస్తోంది, సునీతక్క రూల్ ఇక్కడ పనిచేయట్లేదే?

శ్రీనివాసరావు: అర్, అల్ చివర వచ్చేవాటికి నాకు తెలిసిన గట్టి రూల్ లేదండి. డుంకల్‌కి హైట్, ఐటల్‌కి కైట్. అలా నోటికి పట్టించుకోవడమే.

సునీత: షాఫ్ట్ కూడా అంతే, మనుషుల గుంపుకో సంబంధానికో అంటారు, మాన్‌షాఫ్ట్ అంటే జట్టు అలాగ, కానీ ష్వాంగర్ అంటే గర్భిణి, విశేషణం, దానికి హైట్ రాకుండా ష్వాంగర్‌షాఫ్ట్ వచ్చింది. బెరైట్ అంటే సిద్ధం, దానికీ బెరైట్‌షాఫ్టే. మా వార్డులో ఆన్‌కాల్ డ్యూటీకి ఆ మాటే వాడతాం.

కళ్యాణ్: గర్భం కూడా సంబంధమేగా, అందుకే షాఫ్ట్.

సునీత: మరి సిద్ధంగా ఉండడం ఎవరితో సంబంధం కళ్యాణ్ గారూ?